ఆర్‌ నాట్ అంటే ఏమిటి, బస్తీలో తట్టు వచ్చినప్పుడు ఆ అంకె ఏం చెబుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్ రోజుల్లో ఈ మాట టీవీల్లో మారుమోగింది. ఆ తర్వాత అందరూ మర్చిపోయారు. కానీ ఒక బస్తీలో తట్టు కేసు బయటపడిన రోజు ఎవరికి ముందు టీకా వేయాలి, స్కూల్ మూయాలా వద్దా అనే నిర్ణయాల వెనక ఉండే లెక్క ఇదే. హైదరాబాద్‌లో తల్లిదండ్రులు, టీచర్లు, ఆశా కార్యకర్తలు అడిగే ప్రశ్నలకు తట్టునే ఉదాహరణగా తీసుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మిగతా జబ్బులు అవసరమైన చోట మాత్రమే వస్తాయి.

ఆర్‌ నాట్ అంటే సింపుల్‌గా ఏమిటి?

ఒక జబ్బు ఇంతవరకు ఎవరికీ రాని, ఎవరూ టీకా వేసుకోని జనంలోకి ఒక రోగి వచ్చాడనుకోండి. అతను కోలుకునేలోపు సగటున ఎంతమందికి అంటిస్తాడో ఆ సంఖ్యే ఆర్‌ నాట్. పుస్తకాల్లో ప్రాథమిక పునరుత్పత్తి సంఖ్య అని రాస్తారు. తట్టుకు 12 నుంచి 18 వరకు చెబుతారు. 2020 మొదట్లో వచ్చిన కోవిడ్ రకానికి రెండు మూడు మధ్య ఉండేది. మామూలు ఫ్లూకు ఒకటిన్నర దరిదాపుల్లో ఉంటుంది.

ఈ సంఖ్య ఒకటి కంటే ఎక్కువైతే జబ్బు పెరుగుతుంది, తక్కువైతే గొలుసు తెగిపోతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన గీత ఆ ఒకటే.

అది వైరస్‌కు పుట్టుకతో వచ్చే గుణమా? హైదరాబాద్‌లో ఒకటి, పల్లెలో ఒకటి ఉంటుందా?

ఉంటుంది. ఆర్‌ నాట్‌లో మూడు విషయాలు కలిసి ఉంటాయి: ఒకసారి కలిసినప్పుడు అంటుకునే అవకాశం ఎంత, రోగి రోజుకు ఎంతమందిని కలుస్తాడు, ఎన్ని రోజులు అంటించగలడు. మొదటిదీ మూడోదీ చాలావరకు వైరస్ చేతిలో ఉంటాయి. మధ్యది మాత్రం మన చేతిలోదే.

తట్టు వైరస్ గాలిలో తేలుతూ ఉంటుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు అక్కడ ఉండగలదు. ఒకే గది ఇంట్లో ఆరుగురు పడుకునే బస్తీకీ, ఊరి చివర విడివిడి ఇళ్లకూ ఒకే అంకె వస్తుందని ఎలా అనుకుంటాం? అందుకే 12 నుంచి 18 అనేది కూడా పాత లెక్కల్లోంచి వచ్చిన వాడుక సంఖ్యే. వేర్వేరు చోట్ల కట్టిన లెక్కలు ఆ హద్దులకు పైనా కిందా కూడా వచ్చాయి. ఎవరైనా ‘తట్టు ఆర్‌ నాట్ సరిగ్గా 15’ అని ఖాయంగా చెబితే నేనైతే అనుమానిస్తాను. ఇక్కడ లెక్క కోసం 15 తీసుకుంటున్నాను, అంతే.

మరి వార్తల్లో ‘ఆర్ వాల్యూ తగ్గింది’ అంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. ఆర్‌ నాట్ ఎవరికీ రక్షణ లేని జనానికి వేసిన అంకె. నిజ జీవితంలో కొందరికి టీకా పడి ఉంటుంది, కొందరికి జబ్బు వచ్చి పోయి ఉంటుంది. కాబట్టి రోగి కలిసిన వాళ్లలో రక్షణ లేని వాళ్లకే అంటుతుంది. ఆర్‌ నాట్‌ను రక్షణ లేని వాళ్ల వాటాతో గుణిస్తే ఈ రోజు ఈ బస్తీలో ఉన్న అసలు ఆర్ వస్తుంది. నిర్ణయాలన్నీ ఈ రెండో అంకె మీదే నడుస్తాయి.

తట్టు ఆగాలంటే ఎంతమందికి రక్షణ ఉండాలి?

చిన్న సూత్రం ఉంది: 1 − 1/R0. ఇందులో R0 అంటే ఆర్‌ నాట్. ఆర్‌ నాట్ 15 అనుకుంటే 15లో ఒక వంతు, అంటే సుమారు ఏడు శాతం మందికి మించి రక్షణ లేనివాళ్లు ఉండకూడదు. మిగతా 93 శాతానికి ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 93 శాతానికి టీకా పడాలని కాదు, 93 శాతానికి టీకా పనిచేసి ఉండాలని. మన దగ్గర తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. తొమ్మిదో నెలలో వేసిన మొదటి డోసు వందలో దాదాపు 85 మందికే పనిచేస్తుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉండటం అందుకు ఒక కారణం. అంటే ఒక్క డోసుతో నూటికి నూరు మందికి వేసినా 93 రాదు. రెండో డోసు ఎందుకు పెట్టారో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. బూస్టర్‌లే అని వదిలేసే తల్లిదండ్రులు ఎంతమందో!

మా బస్తీలో 90 శాతం మందికి టీకా పడింది. ఇంకా టెన్షన్ ఎందుకు?

లెక్క వేసి చూద్దాం. ఊహించుకున్న బస్తీ ఇది, పేరు అనవసరం. 1000 మంది పిల్లలున్నారు. 800 మందికి రెండు డోసులూ పడ్డాయి. 100 మందికి ఒక్కటే పడింది. మరో 100 మందికి అసలు పడలేదు. రిపోర్టులో 90 శాతం కవరేజీ అని రాస్తారు, చూడ్డానికి బాగుంటుంది.

రెండు డోసులు పడిన 800 మందిలో వందకు 95 మందికి రక్షణ వచ్చిందనుకుంటే 40 మంది మిగులుతారు. ఒక్క డోసు వాళ్లలో 15 మంది మిగులుతారు. పడని వాళ్లు 100 మందీ మిగిలినట్టే. మొత్తం 155 మందికి రక్షణ లేదు, అంటే పదిహేనున్నర శాతం.

15ను 0.155తో గుణించండి. 2.3 వస్తుంది. 90 శాతం కవరేజీ ఉన్న బస్తీలో ఒక్కో తట్టు రోగి ఇద్దరికి పైగా అంటిస్తాడన్నమాట. కోవిడ్ మొదటి అలలో జనం భయపడిన అంకె ఇంచుమించు ఇదే.

అయితే క్యాంపు పెడితే ముందు ఎవరికి వేయాలి?

అదే బస్తీలో చూద్దాం. అసలు టీకా పడని 100 మందినీ వెతికి పట్టుకుని ఒక డోసు వేశారనుకోండి. 85 మందికి రక్షణ వస్తుంది. మిగిలినవాళ్లు 155 నుంచి 70కి తగ్గుతారు. ఆర్ 1.05 అవుతుంది. గీతకు వెంట్రుకవాసి పైన.

ఇప్పుడు ఒక్క డోసు పడిన 100 మందికి రెండోది వేస్తే ఇంకో పదిమందికి రక్షణ వస్తుంది. 60 మంది మిగులుతారు, ఆర్ 0.9. గీత కిందికి వచ్చాం.

రెండు పనులకూ ఖర్చు దాదాపు ఒకటే, వంద డోసులు. కానీ మొదటి వంద డోసులు 85 మందిని కాపాడాయి, రెండో వంద పదిమందిని. కాబట్టి వ్యాక్సిన్ పెట్టె పట్టుకుని బయల్దేరే ఏఎన్ఎం ముందు తట్టాల్సిన తలుపు ఏ రికార్డులోనూ లేని పిల్లలున్నది. అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉండే వలస కూలీల పిల్లలు, సొంతూరికి కాన్పుకు వెళ్లి వచ్చిన వాళ్లు, ఇల్లు మారి ఏ కేంద్రం లిస్టులోనూ లేని వాళ్లు. క్యాంపు టెంటు వేసి మైకులో పిలిస్తే ముందు వచ్చేది మాత్రం ఇప్పటికే రెండు డోసులూ వేయించుకున్న జాగ్రత్తపరులైన తల్లులే. సాయంత్రానికి డోసుల సంఖ్య ఘనంగా కనిపిస్తుంది, ఆర్ మాత్రం పెద్దగా కదలదు.

మా పిల్లాడికి రెండూ పడ్డాయి. అయినా మళ్లీ వేస్తామంటున్నారు. ఎందుకు?

ఎందుకంటే 15 అనేది నేను అనుకున్న అంకె. ఇరుకు బస్తీలో అది 18 అయితే? మిగిలిన 60 మందితో ఆర్ 1.08 వస్తుంది, గీత మళ్లీ దాటాం. అప్పుడు ఆ 800 మందిలో దాక్కున్న 40 మంది కావాల్సి వస్తారు. వాళ్లెవరో ముఖం చూసి చెప్పలేం కాబట్టి అందరికీ వేస్తారు. ఇప్పటికే రక్షణ ఉన్న పిల్లాడికి అదనపు డోసు వల్ల హాని లేదు.

2022లో ముంబైలో గోవండీ వైపు తట్టు విజృంభించినప్పుడు జరిగింది ఇదే. ఆ నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రమాదం ఎక్కువున్న ప్రాంతాల్లో 9 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లలందరికీ మునుపటి డోసులతో సంబంధం లేకుండా ఒక అదనపు డోసు వేయడం గురించి ఆలోచించమని రాష్ట్రాలకు సూచించింది. 9 నెలల లోపు పసివాళ్ల కేసులు మొత్తంలో పది శాతం దాటిన చోట 6 నెలలు నిండిన వాళ్లకూ ఒక డోసు వేయమంది. ఆ డోసును లెక్కలోకి తీసుకోరు. షెడ్యూల్ ప్రకారం రెండు డోసులూ తర్వాత మళ్లీ వేయాల్సిందే.

నగరం మొత్తానికి కవరేజీ బాగానే ఉందంటారు. అయినా తట్టు ఎలా వస్తుంది?

సగటు మోసం చేస్తుంది. ఆ 155 మందీ బస్తీ అంతా సమానంగా చెదిరి ఉన్నారని నేను లెక్క కట్టాను. నిజంగా అలా ఉండదు. మెయిన్ రోడ్డు వైపు 500 మంది పిల్లల్లో 30 మందికే రక్షణ లేదనుకోండి, నాలా వైపు 500 మందిలో 125 మందికి లేదు. రెండు వైపుల పిల్లలూ పెద్దగా కలవకపోతే రోడ్డు వైపు ఆర్ 0.9, నాలా వైపు 3.75. మొత్తం అదే 155, కవరేజీ అంకె కూడా అదే. ఒక వైపు జబ్బు చల్లారిపోతుంది, రెండో వైపు ఇల్లిల్లూ తిరుగుతుంది. నగరానికి ఒక్క శాతం చెప్పి సంతోషపడటం నాకు అందుకే నచ్చదు. గల్లీ స్థాయిలో లిస్టు ఉంటేనే ఈ లెక్కకు అర్థం.

స్కూల్ మూసేసి, ఒళ్లంతా దద్దుర్లు ఉన్న పిల్లాణ్ణి ఇంట్లో ఉంచితే సరిపోదా?

తట్టు విషయంలో సరిపోదు. పిల్లాడు దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తుంటాడు, వచ్చాక ఇంకో నాలుగు రోజులు. ఆ ముందు నాలుగు రోజుల్లో కనిపించేది జ్వరం, దగ్గు, కారే ముక్కు, ఎర్రబడ్డ కళ్లు. ఏ తల్లయినా జలుబే అనుకుంటుంది. దద్దుర్లు కనపడి, ‘అమ్మవారు పోసింది’ అని గుమ్మానికి వేపాకు కట్టి ఇంట్లో కూర్చోబెట్టేసరికి సగం వ్యాప్తి అయిపోయి ఉంటుంది. మన బస్తీలో ఆర్ 2.3 కదా, సగం ఆపగలిగినా ఇంకా 1.15 మిగులుతుంది.

2003లో సార్స్‌ను టీకా లేకుండానే ఎలా అణచగలిగారని అడగొచ్చు. దాని ఆర్‌ నాట్ మూడు దరిదాపుల్లోనే ఉండేది, కోవిడ్ కంటే తక్కువేమీ కాదు. కానీ సార్స్ రోగి బాగా జబ్బుపడ్డాకే ఎక్కువగా అంటించేవాడు. అప్పటికి ఆసుపత్రిలోనో క్వారంటైన్‌లోనో ఉండేవాడు. కోవిడ్‌లో లక్షణాలు రాకముందే అంటేది కాబట్టి అదే పద్ధతి పనిచేయలేదు. ఆర్‌ నాట్ ఒక్కటే చూసి ఐసోలేషన్ చాలా, టీకా కావాలా అని తేల్చలేం. వ్యాప్తిలో ఎంత భాగం లక్షణాలకు ముందే జరుగుతుందో కూడా తెలియాలి.

ఇంట్లో ఉంచడం వృథా అని కాదు. దద్దుర్లు వచ్చిన రోజు నుంచి నాలుగు రోజులు పిల్లాణ్ణి బడికి, ఫంక్షన్లకు పంపకండి. దవాఖానాకు తీసుకెళ్లేటప్పుడు ముందే చెప్పండి, వెయిటింగ్ హాల్లో పసిపిల్లల మధ్య కూర్చోబెట్టకుండా వేరే చోట చూస్తారు. విటమిన్ ఎ మోతాదు గురించి తప్పకుండా అడగండి.

క్యాంపు పెట్టాక కేసులు ఇంకా పెరిగాయి. టీకా వల్లే వచ్చిందంటున్నారు, నిజమేనా?

ప్రతి వ్యాప్తిలోనూ ఈ పుకారు పుడుతుంది. తేదీలు వేసుకుంటే విషయం తెలిసిపోతుంది.

మొదటి పిల్లాడికి ఒకటో తారీఖున దద్దుర్లు వచ్చాయి. అతను నాలుగు రోజుల ముందు నుంచి ఐదో తారీఖు వరకు అంటించాడు. వైరస్ ఒంట్లోకి వెళ్లాక దద్దుర్లు రావడానికి సుమారు 14 రోజులు పడుతుంది. అంటే రెండో వరుస కేసులు పదకొండో తారీఖు నుంచి 19 మధ్య బయటపడతాయి. శాంపిల్ పంపి, రిపోర్టు వచ్చి, టీమ్‌లు వేసి ఏడో తారీఖున క్యాంపు పెట్టారు. ఇది నిజానికి చురుకైన పనే. అయినా రెండో వరుస పిల్లలందరికీ క్యాంపుకు ముందే వైరస్ అంటి ఉంది. బయటివాళ్ల కళ్లకు మాత్రం ‘ఏడున సూది వేశారు, పదకొండున దద్దుర్లు’ అనే కనిపిస్తుంది.

టీకా రక్షణ పూర్తిగా రావడానికి రెండు వారాల దాకా పడుతుంది. కాబట్టి క్యాంపు ఫలితం మూడో వరుసలో కొంత, నాలుగో వరుసలో స్పష్టంగా తెలుస్తుంది. నెల తిరగకముందే క్యాంపు ఫెయిల్ అనడం తొందరపాటు. రోగికి దగ్గరగా ఉన్న పిల్లల విషయంలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. కలిసిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం, వచ్చినా తేలికగా పోయే అవకాశం ఉంటుంది. అందుకే అదే ఇంటి, పక్కింటి పిల్లల కోసం క్యాంపు రోజు దాకా ఆగకూడదు.

ఇంకో చిక్కు: టీకా వేసిన వారం పది రోజులకు కొద్దిమంది పిల్లలకు తేలికపాటి జ్వరం, పలచగా దద్దుర్లు రావచ్చు. అది తట్టు కాదు, ఇతరులకు అంటదు. కానీ రక్తపరీక్షలో యాంటీబాడీలు రెండింటికీ పాజిటివే చూపిస్తాయి. టీకా తేదీ రాసుకోకపోతే వీళ్లూ కేసుల లెక్కలో కలిసిపోయి ఆర్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆర్ ఒకటికి పైన ఉందో కింద ఉందో క్షేత్రంలో ఎలా తెలుస్తుంది?

దద్దుర్లు మొదలైన తేదీల వరుస చూడాలి. రిపోర్టు వచ్చిన తేదీలు కాదు. ల్యాబ్ ఒకేసారి పది ఫలితాలు పంపితే ఆ రోజు పేలిపోయినట్టు కనిపిస్తుంది, ఆ పదిమందికీ దద్దుర్లు మాత్రం రెండు వారాల పొడవునా వచ్చి ఉంటాయి.

తట్టులో ఒక వరుసకూ తర్వాతి వరుసకూ మధ్య దాదాపు 12 రోజుల ఎడం ఉంటుంది. అలా 12 రోజుల ముక్కలుగా విడగొట్టి ఈ ముక్కలో కేసులను ముందు ముక్కతో భాగిస్తే చేతి లెక్కకు ఆర్ వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేరోజు దద్దుర్లు వస్తే ఒకరి నుంచి ఒకరికి కాదు, ఇద్దరికీ మూడోవాడెవడో అంటించాడు. అతన్ని వెతకాలి.

మొదటి రెండు వారాల అంకెను మాత్రం అంతగా నమ్మొద్దు. కేసు బయటపడగానే ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వెతుకుతారు, అప్పటిదాకా లెక్కకు రానివి కూడా దొరుకుతాయి. జబ్బు పెరిగిందా, వెతుకులాట పెరిగిందా అన్నది అప్పుడే చెప్పలేం.

ఒకటి కంటే తగ్గితే ఇక నిశ్చింతేనా?

ఎంత తగ్గిందన్నదే అసలు విషయం. బయట నుంచి ఒక రోగి వస్తే గొలుసు మొత్తంలో సగటున ఎన్ని కేసులు వస్తాయో 1/(1 − R) చెబుతుంది. ఆర్ 0.5 అయితే రెండు. మనం కష్టపడి తెచ్చిన 0.9 అయితే పది! హైదరాబాద్ లాంటి ఊరికి రోజూ రైళ్లలో, బస్సుల్లో ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతుంటే 0.9 దగ్గర ఆగిపోవడం అంటే నెలనెలా చిన్న చిన్న మంటలు ఆర్పుకుంటూ ఉండటమే. చివరి కేసు తర్వాత సుమారు ఆరు వారాలు, అంటే వైరస్ ఒంట్లో ఉండి బయటపడే గరిష్ఠ కాలానికి రెండింతలు, కొత్త కేసు లేకుంటేనే వ్యాప్తి ముగిసిందంటారు.

ఆర్‌ నాట్ ఎక్కువుంటే జబ్బు ఎక్కువ ప్రాణాంతకమా?

సంబంధం లేదు. రేబీస్ మనిషి నుంచి మనిషికి దాదాపు అంటదు, లక్షణాలు వచ్చాక బతకడం మాత్రం అత్యంత అరుదు. వేగం కూడా వేరే సంగతే. ఫ్లూ ఒకరి నుంచి ఇంకొకరికి మూడు రోజుల్లో చేరుతుంది కాబట్టి తక్కువ ఆర్‌ నాట్‌తోనే వారాల్లో ఊరంతా తిరిగేస్తుంది.

రోనాల్డ్ రాస్‌కూ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

ఉంది. 1897 ఆగస్టు 20న రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది మన సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆయన పేరిట సంస్థ ఉంది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అసలు పేరులో కూడా ఆయన పేరే ఉంది. 1902లో నోబెల్ వచ్చింది. అందరికీ తెలియనిది ఆ తర్వాతి పని. దోమలన్నిటినీ చంపడం ఎలాగూ అయ్యే పని కాదు కదా అని ఎగతాళి చేసినవాళ్లకు ఆయన లెక్క కట్టి చూపించాడు: అన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే మలేరియా దానంతటదే తగ్గిపోతుందని. ఈ రోజు మనం ‘ఆర్ ఒకటి కిందికి’ అంటున్నది ఆ హద్దునే. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఆ లెక్కను ముందుకు తీసుకెళ్లి ఒక విషయం తేల్చాడు. దోమ కడుపులో పరాన్నజీవి ఎదగడానికి పది రోజులు అటూ ఇటూ పడుతుంది కాబట్టి దోమల సంఖ్య కంటే ఎదిగిన దోమ ఎన్ని రోజులు బతుకుతుందన్నదే ఆర్‌ నాట్‌ను ఎక్కువగా మారుస్తుందని.

మా పాప టీకా కార్డు పోయింది. పడిందో లేదో గుర్తులేదు. ఏం చేయాలి?

ముందు మీ ఏరియా ఏఎన్ఎం దగ్గర రిజిస్టర్‌లో చూపించుకోండి. 2017 ఆగస్టులో తెలంగాణలో జరిగిన పెద్ద ఎంఆర్ క్యాంపెయిన్‌లో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు వాళ్లకు వేశారు కాబట్టి కాస్త పెద్ద పిల్లలకు అప్పుడు బడిలో పడి ఉండొచ్చు. అది కూడా గుర్తు చేసుకోండి. ఏ ఆధారమూ దొరకకపోతే పడలేదనే లెక్క. పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడిగి వేయించండి, రెండో డోసు ఎప్పుడో అక్కడే రాయించుకోండి. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా కాబట్టి రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు, కీమోథెరపీ లాంటివి తీసుకుంటున్న వాళ్లకు డాక్టర్‌ను అడగకుండా వేయించకూడదు, గర్భిణులకు అసలు వేయరు. వీళ్ల రక్షణంతా చుట్టుపక్కల వాళ్లు వేయించుకున్న డోసుల మీదే ఉంటుంది.